అన్నయ్య పెళ్లి వాయిదా పడింది… పెట్టిన లీవ్ వెనక్కి తీసుకోవడం ఎలా?

"హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ స్టాఫ్ నర్సుని. ఈ నెల 16న మా అన్నయ్య పెళ్లని 14 నుంచి 18 దాకా ఐదు రోజులు లీవ్ పెట్టాను. అప్పటికే రోస్టర్ బయటికొచ్చేసింది. నాకు 14, 15 మార్నింగ్, 16 ఈవినింగ్, 17 ఆఫ్, 18 నైట్ పడ్డాయి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ మొదట కుదరదన్నారు. శుభలేఖ చూపించి బతిమాలితే ఒప్పుకున్నారు. 14, 15 లకి ఫ్లోటర్ సిస్టర్‌ని అడిగి తెచ్చారు. 16 ఈవినింగ్‌కి మా జూనియర్ తన ఆఫ్ వదులుకుని 20కి మార్చుకుంది. 20న నా మార్నింగ్ తీసేసి తన ఈవినింగ్ నాకు వేశారు. తను 20, 21 ఆఫ్‌లు కలుపుకుని ఊరికి టికెట్ కూడా చేయించుకుంది. 18 నైట్ నా ఫ్రెండ్ తన ఆఫ్ రోజున చేస్తానంది. బదులుగా 22న నా ఆఫ్ రోజున తన నైట్ నేను చేస్తానన్నాను. సిస్టర్‌కి చెబితే 'మీలో మీరు చూసుకోండి' అన్నారు. పోర్టల్‌లో సూపరింటెండెంట్ మేడమ్ అప్రూవ్ చేసేశారు.

మొన్న పెళ్లికూతురి తాతగారు పోయారు. పెళ్లి వచ్చే నెల మూడో వారానికి మార్చారు. నా ఈఎల్‌లు 12 ఉండేవి, ఇప్పుడు 7 చూపిస్తోంది. వచ్చే నెల మళ్లీ కావాలి. రూమ్మేటేమో 'ఏమీ చెప్పకుండా 14న డ్యూటీకి వెళ్లిపో, మనిషి ఎక్కువైతే ఎవరైనా వద్దంటారా' అంటోంది. ఇంకొకరు గ్రూపులో మెసేజ్ పెట్టేయమంటున్నారు. అంత బతిమాలి తీసుకున్న లీవ్ వద్దని చెప్పడానికి సిస్టర్ ఎదుటికి వెళ్లాలంటేనే భయంగా ఉంది. ఏం చేయను?"

— ఒక సోదరి

అమ్మా, మీ ఉత్తరం గురువారం రాత్రి అందింది. ఇవాళ శుక్రవారం, 9వ తేదీ. 14 బుధవారం. మధ్యలో ఆదివారం ఉంది కాబట్టి మీ చేతిలో నిజంగా ఉన్నవి ఇవాళ, రేపు, సోమ, మంగళవారాలు. అందుకే మిగతా ఉత్తరాలు పక్కనపెట్టి ముందు మీకు రాస్తున్నాను. నేనూ ఐసీయూ ఇన్‌ఛార్జ్‌గా చాలా ఏళ్లు రోస్టర్ వేసినదాన్నే. పెన్సిల్‌తో గళ్ల రిజిస్టర్‌లో వేసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ వేసిన కాలం నుంచి, ఎక్సెల్ షీటు ఫొటో తీసి గ్రూపులో పెట్టే కాలం దాకా.

మీ భయమంతా 14వ తేదీ గురించీ సిస్టర్ ముఖం గురించీ ఉంది. రోస్టర్ వేసే మనిషిగా మీ ఉత్తరం చదివితే నా కళ్లు మాత్రం 22 మీద ఆగాయి. కారణం చెబుతాను.

మీ లీవ్ ఇప్పుడు ఒక్కచోట లేదు, మూడు చోట్ల ఉంది. పోర్టల్‌లో Approved అని ఉంది. రోస్టర్ షీటులో మీ పేరు వరసలో L అని ఉంది. మూడోది ఎక్కడా రాసిలేదు. మీకూ మీ ఫ్రెండ్‌కీ మధ్య నోటిమాటగా ఉంది, సిస్టర్ చెవిన పడింది, అంతే. షీటులో చూస్తే 22 నైట్ ఇప్పటికీ మీ ఫ్రెండ్ పేరు మీదే ఉంటుంది, మీ గడిలో ఆఫ్ అనే ఉంటుంది. పోర్టల్‌లో Cancel నొక్కితే మొదటిచోట మాత్రమే లీవ్ పోతుంది. మిగతా రెండుచోట్లా అలాగే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ రూమ్మేటు సలహా 18, 22 తేదీల మీద నడిపించి చూడండి. 18 రాత్రి మీరు "నా నైటే కదా" అని వెళ్తారు. మీ ఫ్రెండ్ "మాటిచ్చాను కదా" అని వస్తుంది. ఇద్దరూ నవ్వుకుంటారు, ఒకరు ఇంటికెళ్తారు. బహుశా ఆమే వెళ్తుంది, మీరు ఎలాగూ వచ్చేశారు కాబట్టి. అక్కడితో అయిపోయిందని అందరూ అనుకుంటారు. నాలుగు రోజుల తర్వాత 22 వస్తుంది. "18 నేనే చేశాను, ఇంకా బదులేముంది" అని మీరు ఇంట్లో ఉంటారు. "18న ఆఫ్ పాడుచేసుకుని వచ్చాను, 22 తను చేస్తానంది కదా" అని ఆమె ఇంట్లో ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి హ్యాండోవర్ ఇవ్వడానికి ఈవినింగ్ సిస్టర్ ఫైళ్లు పట్టుకుని నిలబడితే తీసుకునేవాళ్లు ఉండరు. మెమో ఎవరికి వస్తుందో తెలుసా? షీటులో 22 నైట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి. అంటే మీకు సాయం చేసిన అమ్మాయికి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. నేను ఇన్‌ఛార్జ్‌గా ఉన్నప్పుడు ఒక సంక్రాంతికి జరిగింది. ఒక సిస్టర్ ఊరి ప్రయాణం ఆగిపోయి, లీవ్ రద్దు చేసుకుంటున్నానని నర్సింగ్ ఆఫీసులో చెప్పింది. నాకు చెప్పలేదు, ఆఫీసువాళ్లే చెప్పి ఉంటారనుకుంది. భోగి రాత్రి వార్డులో ఒకరికి ఇద్దరు తేలారు, పిండివంటలు పంచుకుని సంతోషపడ్డారు. ముక్కనుమ రాత్రి బదులు నైట్‌కి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కిన అమ్మాయి మర్నాడు పొద్దున ఎనిమిదింటిదాకా, పద్దెనిమిది గంటలు, ఒక్కతే లాక్కొచ్చింది. తప్పు నాది కూడా. ఆ ఎక్స్‌ఛేంజ్ నాకు తెలుసు, రిజిస్టర్‌లో రాసుకోలేదు. "మీలో మీరు చూసుకోండి" అని నేనూ అన్నదాన్నే.

కాబట్టి లీవ్ వెనక్కి తీసుకోవడం అంటే ఒక్క బటన్ నొక్కడమో, డ్యూటీకి కనపడటమో కాదు. ఆ లీవ్ కోసం ఎవరెవరు కదిలారో వాళ్లందరి తేదీలూ ఒక్కొక్కటిగా చూసుకోవాలి. మీ విషయంలో ముగ్గురు కదిలారు. ముగ్గురివీ ఒకేలా లేవు, అందుకే ఒకే మందు పనిచేయదు.

ఫ్లోటర్ సంగతి తేలిక. ఆమె నర్సింగ్ ఆఫీసు మనిషి. ఎక్కడ కొరత ఉంటే అక్కడికి వెళ్లడమే ఆమె పని. సిస్టర్ ఒక ఫోన్ చేస్తే 14, 15 లకి ఇంకో వార్డు దొరుకుతుంది. ఆ ఫోన్ 13 రాత్రి కాకుండా రేపటిలోపు వెళ్తే చాలు. ఆ ఫోన్ మాత్రం మీరు చేయకండి. ఆమెని అడిగి తెచ్చింది సిస్టర్, వదలాల్సిందీ సిస్టరే.

మీ జూనియర్ సంగతి అలా కాదు. 16న ఆఫ్ పోగొట్టుకుని, దాన్ని 20న పెట్టుకుని, టికెట్ చేయించుకుంది. మీరు 16 ఈవినింగ్‌కి తిరిగొస్తే రెండే దారులు. ఒకటి, ఆ షిఫ్టులో ఇద్దరూ ఉండాలి. రెండు, ఆమె ఆఫ్ మళ్లీ 16కి జరిపి 20 ఈవినింగ్ ఆమెకే వేయాలి. సిస్టర్‌కి రెండోదే సులువుగా తోస్తుంది, ఎందుకంటే రోస్టర్ మొదట వేసిన రూపానికి వచ్చేస్తుంది. ఆ అమ్మాయి టికెట్ గురించి సిస్టర్‌కి తెలుసో లేదో. అందుకని ఈ విషయం మీరే నోరు తెరిచి చెప్పాలి.

ఫ్రెండ్ సంగతిలో ఒక తమాషా ఉంది, మీరు గమనించినట్టు లేదు. 18 నైట్‌కి బదులు 22 నైట్ చేస్తానని ఒప్పుకున్నారు. అంటే 18న మీకు రావాల్సింది ఆఫ్, లీవ్ కాదు. అయినా 18కి కూడా లీవ్ పెట్టారు. ఒక రాత్రికి ఒక ఈఎల్ కోయించుకుని, పైగా ఇంకో రాత్రి డ్యూటీ కూడా రాసిచ్చారు. ఒకే సరుకుకి రెండుసార్లు డబ్బు కట్టినట్టు. అంతటితో ఆగలేదు. 17 మీ వీక్లీ ఆఫ్. దానికి అటు 16, ఇటు 18 రెండువైపులా లీవ్ ఉండటంతో మధ్యలో ఆఫ్‌ని కూడా లీవ్ కిందే లెక్కేశారు. మీ నిల్వ 12 నుంచి 7కి పడటమే దానికి సాక్ష్యం. శాండ్‌విచ్ రూల్ అంటారు, మీ హెచ్ఆర్ వాళ్ల నోట వినే ఉంటారు. నిజానికి మీకు కావలసినవి 14, 15, 16 మూడు రోజులే. ఐదు పోయాయి. పెళ్లి వాయిదా పడకపోయినా ఈ దరఖాస్తు సరిచేసుకోవాల్సిందే.

ఇవన్నీ చూస్తే మీ ముందు మూడు దారులు కనపడుతున్నాయి.

మొదటిది, మొత్తం రద్దు. నిల్వ 12కి వస్తుంది, వచ్చే నెలకి ధైర్యం. కానీ 16 ముడి పడుతుంది. జూనియర్‌ని కదపకుండా ఉంచితే ఆ ఈవినింగ్ ఐసీయూలో ఒకరు ఎక్కువ. ఆ ఎక్కువ మనిషిని ఖాళీగా కూర్చోబెట్టరు, ఎమర్జెన్సీకో జనరల్ వార్డుకో పంపుతారు. పంపేది మిమ్మల్నే, ఎందుకంటే ఆ రోజుకి షీటులో ఉన్న పేరు ఆమెది. దానికి సిద్ధమైతే ఇది మంచిదారే. ఐదింటికి ఇంకో వార్డులో కొత్త ఫైళ్లు తెరిచి మొదలుపెట్టడం మీకు ఇబ్బంది కాకపోతే.

రెండోది, కొంత ఉంచి కొంత తీయడం. 14, 15 డ్యూటీకి వస్తారు. 16 ఒక్కరోజు లీవ్ అలాగే ఉంచుకుంటారు, జూనియర్ జోలికి పోరు, 20 ఈవినింగ్ మీరే చేస్తారు. 17 మీ ఆఫ్. దానికి ఒకవైపే లీవ్ ఉంటుంది కాబట్టి ఇక శాండ్‌విచ్ లేదు. 18 సంగతి మీ ఫ్రెండ్ చెప్పినదాన్ని బట్టి, దాని గురించి కింద రాస్తాను. నిల్వ 11 ఉంటుంది. ఒక్క ఈఎల్ పోతే పోయింది, ఇంకొకరి టికెట్ చింపకుండా బయటపడతారు. నన్నడిగితే దీనివైపే మొగ్గుతాను. పెళ్లికూతురి ఇల్లు మైలలో ఉంది, మీ అమ్మగారు వాళ్లని పలకరించి రావాలంటారేమో, ఆ ఒక్కరోజు అందుకూ పనికొస్తుంది.

దీనిలో ఒక చిక్కుంది. చాలా పోర్టళ్లలో అప్రూవ్ అయిన ఐదు రోజుల దరఖాస్తులోంచి మధ్యలో రోజులు తీయడం కుదరదు. మొత్తం రద్దు చేసి, 16కి విడిగా కొత్త దరఖాస్తు పెట్టాలి. ఆ కొత్తది మళ్లీ మేడమ్ అప్రూవ్ చేయాలి. రద్దు అయిపోయి కొత్తది ఆగిపోతే 16న మీరు లీవ్‌లోనూ లేరు, డ్యూటీలోనూ లేరు. హాజరులో ఆబ్సెంట్ పడుతుంది. అందుకే రెండూ ఒకే పూట పెట్టాలి. కారణం రాసే గడిలో రెండింటికీ ఒకేలా రాయాలి: "పెళ్లి వాయిదా పడినందున 14–18 లీవ్ రద్దు, 16 ఒక్కరోజు మాత్రమే లీవ్, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి తెలిపాను." మేడమ్‌కి మీ రోస్టర్ తెలియదు. ఆ గడి చూసి నొక్కేస్తారు.

మూడోది, రద్దు చేయకపోవడం. సిస్టర్ "ఇప్పుడు మళ్లీ కదపలేను" అంటే ఇదే మిగులుతుంది. అలా అనే హక్కు ఆమెకి ఉంది, అది మీ మీద కోపం అనుకోకండి. లీవ్ మంజూరు అయ్యాక ముందే తిరిగిరావడానికి కూడా ఇచ్చినవాళ్ల అనుమతి కావాలన్నది పాత సూత్రమే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1972 నాటి సెలవు నియమాల్లో 24వ నియమం ఆ మాటే చెబుతుంది. సెలవు గడువు తీరకముందు, మంజూరు చేసిన అధికారి అనుమతి లేకుండా తిరిగి విధుల్లో చేరకూడదని. ప్రైవేటులో మీకది వర్తించదనుకోండి, పద్ధతి మాత్రం అదే. అప్పుడు కూడా అన్నీ పోగొట్టుకోనక్కర్లేదు. 14, 15, 16కి మాత్రమే లీవ్ ఉండేలా సరిచేయించుకోండి. 17 ఆఫ్, 18 ఎక్స్‌ఛేంజ్. నిల్వ 9 అవుతుంది. రోస్టర్‌లో ఎవరూ ఒక్క అంగుళం కదలరు కాబట్టి దీనికి సిస్టర్ కాదనరు.

ఈ మూడిట్లో ఏదైనా సరే, మొదట వెళ్లాల్సింది సిస్టర్ దగ్గరికే. పోర్టల్ దగ్గరికి కాదు, గ్రూపులోకి అసలే కాదు. పోర్టల్ ముందు నొక్కితే మెయిల్ మేడమ్‌కి వెళ్తుంది, మేడమ్ రౌండ్స్‌లో "మీ అమ్మాయి లీవ్ రద్దు చేసిందేంటి" అని సిస్టర్‌ని అడుగుతారు. తన వార్డు సంగతి పైనుంచి వినడం ఏ ఇన్‌ఛార్జ్‌కీ నచ్చదు. గ్రూపులో పెడితే ఇంకో గోల. "నా లీవ్ క్యాన్సిల్, డ్యూటీకి వస్తున్నా" అన్న మీ ఒక్క వాక్యాన్ని ముగ్గురూ మూడు రకాలుగా చదువుకుంటారు. జూనియర్ తన ఆఫ్ పోయిందనుకుంటుంది, ఫ్రెండ్ 18 లేదనుకుంటుంది, కింద పది బొటనవేళ్లు పడతాయి. ఆ వేళ్లలో ఏది ఒప్పుకోలో ఏది పలకరింపో ఎవరికీ తెలియదు. గ్రూపులో చెప్పేది సిస్టరే కావాలి, మాటతో కాకుండా కొత్త షీటుతో.

ఎప్పుడు మాట్లాడాలి? ఎనిమిదింటి హ్యాండోవర్ అప్పుడు వద్దు, డాక్టర్ల రౌండ్స్ అప్పుడు వద్దు. పదకొండు ప్రాంతంలో ఇండెంట్లు రాసుకుంటూ కూర్చునే సమయం ఒకటుంటుంది, మీకే బాగా తెలుసు. ఈవినింగ్ డ్యూటీ అయితే ఒక అరగంట ముందు వెళ్లండి. ఇవాళ మీకు ఆఫ్ అయితే ఫోన్ చేయండి, రేపటికి ఆపకండి.

ఏం చెప్పాలి? మీరు తాతగారి దగ్గర మొదలుపెడతారని నా అనుమానం. అందరం అలాగే మొదలుపెడతాం, మన కారణం ఎంత నిజమో ముందు నమ్మించాలని. వినేవాళ్లకి మాత్రం ఆ రెండు నిమిషాలూ "ఇంకా ఎక్కువ లీవ్ అడుగుతుందేమో" అని గుండె దడే. నా దగ్గరికి అలా వచ్చినవాళ్లు కారణం ముగించేసరికి నేను మనసులో ఇంకో ముగ్గురిని వెతికేసేదాన్ని. అందుకే ముందు తేదీలు చెప్పండి: "సిస్టర్, 14, 15 మార్నింగ్‌లకి నేను రాగలను. పెళ్లి వచ్చే నెలకి మారింది, పెళ్లికూతురి తాతగారు పోయారు. మీరు నా కోసం చేసిన మార్పుల్లో ఏవి వెనక్కి తీయొచ్చో, ఏవి వద్దో మీరే చెప్పండి. 16 మాత్రం జూనియర్‌ది కదపొద్దు, 20కి టికెట్ చేయించుకుంది." అంతే. ఐదుసార్లు సారీలు వద్దు. శుభలేఖ చూపించారు కదా అని ఇప్పుడు చావు ఫొటోలు చూపించనూ వద్దు. ఆమె చిరాకుపడితే పడనివ్వండి. ఫ్లోటర్ కోసం నర్సింగ్ ఆఫీసులో ఒక మాట ఖర్చుపెట్టుకున్నారు, ఆ మాత్రం ఉంటుంది. మనిషి తగ్గుతున్నారని వచ్చే ఫోన్లే రోజూ వింటారు. మనిషి పెరుగుతున్నారన్న ఫోన్, అదీ ఐదు రోజుల ముందు, ఎంత చిరాకులోనైనా చేదుగా ఉండదు.

ఒక్క జాగ్రత్త. "మీరు ఎక్కడ వేసినా సరే సిస్టర్" అనకండి. మర్యాదకి అంటాం. రోస్టర్ వేసేవాళ్లకి అది ఖాళీ చెక్కు. 14 నుంచి 18 దాకా వరసగా నైట్లు పడొచ్చు, అప్పుడు కాదనలేరు. మీకు మొదట పడిన షిఫ్టులకే వస్తానని చెప్పండి. అంతకుమించి అడిగితే అప్పుడు ఆలోచించుకోవచ్చు.

సిస్టర్ ఊ అన్నాక, పోర్టల్ ముట్టుకోకముందు, ఫ్రెండ్‌తో మాట్లాడండి. 18 నైట్ రద్దు అని మీరే తేల్చి చెప్పకండి, అడగండి. 18 ఆఫ్ వదులుకున్న అమ్మాయి 22 రాత్రి ఖాళీ అని ఏదో అనుకుని ఉండొచ్చు, ఇంటికి ఎవరైనా వస్తుండొచ్చు. ఆమె "పర్వాలేదు, ఎవరిది వాళ్లం చేసుకుందాం" అంటే 18 మీరు, 22 ఆమె. "లేదే, నాకు 22 ఖాళీ కావాలి" అంటే 18 ఆమె, 22 మీరు. ఎలా అయినా 18కి మీకు లీవ్ అక్కర్లేదు. ఏది తేలినా రెండు తేదీలూ కలిపి చెప్పుకోండి. ఒక్క 18 గురించే మాట్లాడి ఫోన్ పెట్టేస్తే 22 గాలిలో ఉండిపోతుంది.

తర్వాత సిస్టర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, ఆమె చూసి షీటు మార్చుకునేలా. అందరం ఎవరిది వాళ్లం చేసుకుందామని ఫ్రెండ్ అన్నదనుకుంటే ఇలా ఉంటుంది:

"సిస్టర్, పొద్దున మాట్లాడుకున్న ప్రకారం: 14, 15 మార్నింగ్ నేను వస్తాను. 16 లీవ్ అలాగే ఉంటుంది, 17 నా ఆఫ్. 18 నైట్ నేను, 22 నైట్ తను, ఎక్స్‌ఛేంజ్ లేదు, తనతో మాట్లాడాను. 20 ఈవినింగ్ నేనే, మార్పు లేదు. పోర్టల్‌లో ఐదు రోజులదీ రద్దు చేసి 16కి విడిగా పెడుతున్నాను. మీరు ఓకే అంటే ఇప్పుడే చేస్తాను."

ఇందులో మారని తేదీలు కూడా రాశాను చూడండి, 17, 20. మారినవి మాత్రమే రాస్తే, రాయనివి కూడా మారాయేమోనన్న అనుమానం వస్తుంది. ఈ మెసేజ్‌కి ఆమె నుంచి "ఓకే" అని వచ్చాకే పోర్టల్ తెరవండి. ఆ ఓకే దాచుకోండి, దాని అవసరం ఇప్పుడే చెబుతాను.

అప్రూవ్ కాని దరఖాస్తు అయితే Withdraw నొక్కగానే పోతుంది, ఎవరూ మళ్లీ ఒప్పుకోనక్కర్లేదు. మీది అప్రూవ్ అయిపోయింది. మీరు నొక్కేది రద్దు కాదు, రద్దు చేయమన్న విన్నపం. మేడమ్ దాన్ని ఒప్పుకునేదాకా మీ లీవ్ బతికే ఉంటుంది. రేపు మధ్యాహ్నంలోపు పెడితే మేడమ్ చూడటానికి రేపటి సగంపూట, సోమ, మంగళవారాలు ఉంటాయి. సోమవారం సాయంత్రం తెరిచి రెండు చూడండి. రద్దు పక్కన Cancelled పడిందా, నిల్వ పెరిగిందా. నిల్వ 11 కనపడితే రెండు దరఖాస్తులూ తేలినట్టు. 12 కనపడితే 16ది ఇంకా ఆగి ఉన్నట్టు. ఇంకా 7 దగ్గరే ఉంటే మేడమ్ తెరవనేలేదు, నర్సింగ్ ఆఫీసు క్లర్కుకి చెబితే గుర్తుచేస్తారు.

14 పొద్దున కూడా అది Approved అనే చూపిస్తే? సిస్టర్ ఓకే ఉంది కాబట్టి డ్యూటీకి వెళ్లండి. వేలిముద్ర వేయండి, ఆ స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఒకే రోజున లీవూ హాజరూ రెండూ పడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు హాజరు తీసేసి లీవ్‌నే లెక్కేస్తాయి. డ్యూటీ చేసి కూడా ఈఎల్ పోతుంది. నెలాఖరుకి హాజరు ఏ రోజు మూసేస్తారో హెచ్ఆర్‌ని అడిగి, దానికి ముందే ఆ ఫొటో, సిస్టర్ మెసేజ్ చూపించి సరిచేయించుకోండి. జీతం పడ్డాక అడిగితే తర్వాతి నెలలో చూద్దామంటారు, ఆ తర్వాతి నెల రాదు. సిస్టర్ ఓకే లేకుండా మాత్రం 14న వెళ్లకండి. ఫ్లోటర్ మీ బెడ్ల దగ్గర హ్యాండోవర్ తీసుకుంటుండగా మీరు యూనిఫాంలో పక్కన నిలబడటం ఇద్దరికీ బాగుండదు.

షీటు సంగతి కూడా చూసుకోండి. గ్రూపులో కొత్తది పెట్టినా, ఫోన్లలో పాత ఫొటో సేవ్ చేసుకున్నవాళ్లు ఉంటారు. నర్సింగ్ స్టేషన్ గోడకి అంటించిన కాగితం పాతదే ఉండిపోతుంది. కొత్తదాని పైన "10వ తేదీ సవరించినది" అని సిస్టర్‌ని రాయమనండి, పాత కాగితం మీరే తీసి కొత్తది అంటించండి. అంటించాక మీ వరసలో 14 నుంచి 22 దాకా వేలుపెట్టి చదవండి. తర్వాత మీ ఫ్రెండ్ వరస, జూనియర్ వరస చదవండి. 22 నైట్ గడిలో ఒక్క పేరే ఉండాలి, అది మీరిద్దరూ అనుకున్న పేరే కావాలి.

ఇక వచ్చే నెల లీవ్. అది దీనికి బదులు అన్నట్టు మాట్లాడకండి. "ఇవి తిరిగిచ్చాను కదా, అవి ఇవ్వండి" అంటే చెల్లదు. ఈ నెలలో మీరు మిగిల్చిన మనిషి వచ్చే నెల మూడో వారంలో సిస్టర్‌కి పనికిరాదు. ఇవాళ్టి మాటల్లో పెళ్లి ఎప్పటికి మారిందో ఎలాగూ చెబుతారు, అక్కడ ఆపేయండి. తర్వాత, వచ్చే నెల రోస్టర్‌కి రిక్వెస్టులు తీసుకోవడం ఆపకముందే, వేరుగా దరఖాస్తు పెట్టండి. ఈసారి రోస్టర్ రాకముందే అడుగుతున్నారు కాబట్టి ఎవరినీ బతిమాలి కదపాల్సిన పని ఉండదు, సిస్టర్ మీ లీవ్ చుట్టూనే షిఫ్టులు వేస్తారు. పెట్టేముందు ఆ వారంలో ఇంకెవరైనా అడిగారేమో కనుక్కోండి. మీ ఆఫ్ ఏ రోజు పడేదీ ముందే అడిగి, దాన్ని లీవ్‌కి ముందో వెనకో వచ్చేలా చేయించుకోండి, మధ్యలో కాదు. ఎవరితోనైనా నైట్ మార్చుకుంటే, ఆ రాత్రికి మళ్లీ లీవ్ పెట్టకండి.